స్టేటస్, స్టోరీ మనం అనుకున్నవాళ్లకే కనిపించాలంటే ఏం చేయాలి?

వాట్సాప్ స్టేటస్ పెట్టిన పది నిమిషాలకే "ఏంటమ్మా, ఉద్యోగం మారుతున్నావట?" అంటూ చూడకూడని వాళ్ల నుంచే మెసేజ్ వస్తుంది. చాలాసార్లు ఇందులో యాప్ తప్పేమీ ఉండదు. మనం తయారుచేసుకున్న జాబితా ఎలా పనిచేస్తుందో సరిగ్గా తెలియకపోవడం వల్లే ఇలా జరుగుతుంది.

జాబితాలు రెండు రకాలు. "వీళ్లకు తప్ప మిగతా అందరికీ" అనేది ఒకటి, "వీళ్లకు మాత్రమే" అనేది రెండోది. పెట్టిన రోజు రెండూ ఒకేలా కనిపిస్తాయి, తేడా తర్వాత బయటపడుతుంది. మొదటి రకంలో మీరు ఫోన్‌లో కొత్తగా సేవ్ చేసుకున్న ప్రతి నంబరూ దానంతటదే చూసేవాళ్లలో చేరిపోతుంది. రెండో రకంలో మీరు చేత్తో చేర్చితే తప్ప ఎవరూ చేరరు.

గచ్చిబౌలిలో పనిచేసే స్వాతి అనే అమ్మాయి ఉందనుకుందాం. బెంగళూరులో ఆఫర్ వచ్చింది, ఇక్కడ ఇంకా రాజీనామా ఇవ్వలేదు. ఎప్పుడో ఆఫీసు వాళ్ల నంబర్లన్నీ ఏరి My contacts except లో పెట్టుకుంది కాబట్టి ధైర్యంగానే ఉంది. పోయిన నెల టీమ్‌లోకి కొత్త మేనేజర్ వచ్చారు. పని కోసం ఆయన నంబరు ఈమె, ఈమె నంబరు ఆయన సేవ్ చేసుకున్నారు. ఆ మినహాయింపు జాబితా సంగతి మళ్లీ గుర్తు రాలేదు. రాత్రి "బెంగళూరూ, వచ్చేస్తున్నా" అని స్టేటస్ పెట్టింది. చూసినవాళ్లలో మేనేజర్ పేరు కనబడగానే కంగారుగా సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆయన్ను కూడా మినహాయించింది. లాభం లేదు. వాట్సాప్‌లో ఆ మార్పు తర్వాత పెట్టే స్టేటస్‌లకే వర్తిస్తుంది. అప్పటికే పెట్టింది పాత జాబితా ప్రకారమే 24 గంటలూ కనిపిస్తుంది. ఆమె చేయాల్సింది ముందు ఆ స్టేటస్‌ను డిలీట్ చేయడం, ఆ తర్వాత జాబితా సరిచేసుకోవడం.

అందుకే నలుగురికి తెలియకూడని విషయమైతే మినహాయింపు జాబితాను నమ్ముకోవద్దని నా గట్టి సలహా. "వీళ్లకు మాత్రమే" అన్నదే వాడండి. ఇలా చేయాలి:

1. వాట్సాప్ సెట్టింగ్స్‌లో Privacy తెరిచి, అందులో Status నొక్కండి.
2. Only share with ఎంచుకోండి. కాంటాక్టుల జాబితా వస్తుంది.
3. చెప్పాలనుకున్నవాళ్లను మాత్రమే టిక్ చేయండి. పేరు చూసి కాకుండా, తెరిచి నంబరు కూడా చూసి టిక్ చేయడం మేలు. ఒకే పేరుతో ఇద్దరుంటారు, ఒకే మనిషికి రెండు నంబర్లుంటాయి.
4. స్టేటస్ తయారుచేసి పంపే ముందు, స్క్రీన్ అడుగున అది ఎవరికి వెళ్తోందో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చదివాకే పంపే గుర్తు నొక్కండి.

నాలుగోది చదవడానికి రెండు సెకన్లు పడుతుంది, కానీ ఎక్కువమంది వదిలేసేది దాన్నే. వాట్సాప్ మీరు చివరిసారి పెట్టిన సెట్టింగ్‌నే గుర్తుపెట్టుకుంటుంది. ఉగాది శుభాకాంక్షలు అందరికీ వెళ్లాలని My contacts కు మార్చి, తిరిగి మార్చడం మర్చిపోతే, ఆ తర్వాత పెట్టే సొంత విషయం కూడా అందరికీ వెళ్తుంది.

జాబితాలో చేర్చినా ఒక స్నేహితురాలికి స్టేటస్ కనబడడం లేదంటే, ఆమె ఫోన్‌లో మీ నంబరు సేవ్ అయి ఉందో లేదో అడగండి. ఒకరి నంబరు ఒకరి దగ్గర ఉంటేనే స్టేటస్ కనిపిస్తుంది. ఈ సంగతి తెలియక, విసుగొచ్చి సెట్టింగ్‌ను మళ్లీ అందరికీ మార్చేసేవాళ్లున్నారు.

ఇన్‌స్టాగ్రామ్‌లో Close Friends మొదటినుంచీ "వీళ్లకు మాత్రమే" రకమే. 2018 చివర్లో స్టోరీల కోసం వచ్చింది, 2023లో పోస్టులకు, రీల్స్‌కు కూడా ఇచ్చారు. ప్రొఫైల్‌లో మూడు గీతల మెనూ తెరిస్తే Close Friends కనిపిస్తుంది, అక్కడ పేర్లు చేర్చుకోవచ్చు, తీసేయవచ్చు. చేర్చినా తీసేసినా వాళ్లకు కబురు వెళ్లదు. జాబితాలో ఇంకా ఎవరున్నారో మీకు తప్ప ఎవరికీ తెలియదు. కాకపోతే మీ స్టోరీ చుట్టూ ఆకుపచ్చ వలయం కనిపిస్తుంది కాబట్టి తాము జాబితాలో ఉన్నామని చూసినవాళ్లకు తెలుస్తుంది. ఇద్దరు స్నేహితులు పక్కపక్కన కూర్చుని ఫోన్లు చూసుకుంటే, ఒకరికి ఆకుపచ్చగా కనిపించిన స్టోరీ రెండోవారికి అసలు ఉండదు. అక్కడ మాట రాకుండా ఉండదు.

ఇక్కడ జరిగే పొరపాటు చాలా చిన్నది. స్టోరీ సిద్ధమయ్యాక అడుగున Your story, Close Friends అనే రెండు బటన్లు పక్కపక్కనే ఉంటాయి. తొందరలో వేలు మొదటిదాని మీద పడితే ఫాలోవర్లందరికీ వెళ్లిపోతుంది. అకౌంట్ పబ్లిక్‌గా ఉంటే ఫాలోవర్లు కానివాళ్లు కూడా చూడగలరు. పంపిన వెంటనే మీ స్టోరీని మీరే తెరిచి చూడండి. ఆకుపచ్చ గుర్తు లేకపోతే అప్పటికప్పుడే తీసేయండి.

ఇంకో చిక్కు ఏమిటంటే ఈ జాబితా ఒక్కటే ఉంటుంది. కాలేజీ గ్యాంగ్‌కు ఒకటి, కజిన్స్‌కు ఒకటి అని విడివిడిగా పెట్టుకునే వీలు ఇందులో లేదు. పెళ్లి పనుల ఫొటోల కోసం అక్కను, బావను చేర్చి, వాళ్లను తీసేయకుండా గోవా ట్రిప్ స్టోరీ పెడితే బావగారు కూడా చూస్తారు. ఏదైనా ఒక పని కోసం చేర్చినవాళ్లను ఆ పని అయ్యాక తీసేయడం అలవాటు చేసుకోండి.

ఫేస్‌బుక్‌లో మరో తలనొప్పి ట్యాగింగ్. Friends కని పెట్టిన ఫొటోలో ఒకరిని ట్యాగ్ చేస్తే, వాళ్ల స్నేహితులకు కూడా అది కనిపించవచ్చు. వాళ్లెవరో మీకు తెలియను కూడా తెలియదు. జాగ్రత్తగా ఉండాల్సిన ఫొటోలో ఎవరినీ ట్యాగ్ చేయకపోవడమే మంచిది. ట్యాగ్ తప్పనిసరైతే Custom తెరిచి, ట్యాగ్ అయినవారి స్నేహితులకు సంబంధించిన టిక్ తీసేయండి.

ఎంత జాగ్రత్తగా కట్టినా జాబితాలో ఉండేవి నంబర్లు, అకౌంట్లు మాత్రమే. మన ఇళ్లలో అమ్మమ్మ ఫోన్ మనవడి చేతిలో ఉంటుంది, అత్తయ్య వాట్సాప్ మామయ్య కూడా చూస్తారు. అత్తయ్యకు మాత్రమే అని పెట్టింది ఇంటిల్లిపాదికీ చేరుతుంది. దానికి తోడు స్క్రీన్‌షాట్ ఉంది. వాట్సాప్ స్టేటస్‌కు గానీ ఇన్‌స్టాగ్రామ్ స్టోరీకి గానీ ఎవరైనా స్క్రీన్‌షాట్ తీస్తే మీకు తెలియదు.

అనుకోనివారికి వెళ్లిపోయిందని తెలిస్తే, చూసినవాళ్ల జాబితాలో ఎవరున్నారో గుర్తుంచుకోవడానికి ముందు ఒక స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకుని, వెంటనే పోస్టు డిలీట్ చేయండి. వాట్సాప్‌లో ఆ జాబితా పూర్తిది కాకపోవచ్చు. నీలం టిక్కులు ఆపేసుకున్నవాళ్లు చూసినా వాళ్ల పేరు అందులో రాదు. కాబట్టి మేనేజర్ పేరు అందులో లేనంత మాత్రాన ఆయన చూడలేదని నమ్మకండి. ఆయన చూసే ఉంటారనుకుని, ఆ విషయం మీరే ముందుగా ఆయనతో మాట్లాడాలా వద్దా అన్నది ఆ రాత్రే తేల్చుకోండి.