ప్రీ వర్కౌట్ డబ్బా తెరిచే ముందు కాఫీ లెక్క చూడండి

2021 జనవరిలో వేల్స్‌లో 29 ఏళ్ల ఫిట్‌నెస్ ట్రైనర్ ఒకరు కెఫీన్ పొడి కలుపుకుని తాగి చనిపోయారు. సూచించిన మోతాదు 60 నుంచి 300 మిల్లీగ్రాములు. ఆయన వాడిన కాటా 2 గ్రాముల లోపు బరువును చూపించదు. 2 గ్రాములంటే 2,000 మిల్లీగ్రాములు. విడి కెఫీన్ పొడి ఇంట్లోకి రానివ్వకండి, అంతే.

జిమ్‌లో ఎక్కువమంది చేసే తప్పు మాత్రం వేరు. వ్యాయామానికి ముందు కలుపుకుని తాగే ప్రీ వర్కౌట్ పొడిలో స్కూప్‌కి కెఫీన్ ఎంతో చూస్తారు, కాఫీని లెక్కలో వేయరు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 400, ఒక్కసారికి 200 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ 400లో కాఫీ, టీ, ఎనర్జీ డ్రింక్, కెఫీన్ మాత్ర అన్నీ కలిసే ఉంటాయి.

ఒక మామూలు రోజు తీసుకోండి. ఉదయం 7కి కాఫీ, 11కి టీ, సాయంత్రం 4కి మళ్లీ కాఫీ. కాఫీ గ్లాసుకి సుమారు 100, టీకి 40 చొప్పున 240 అయ్యాయి. 6 గంటలకి 250 ఉన్న స్కూప్ వేస్తే మొత్తం 490. ఒంట్లోకి వెళ్లిన కెఫీన్ సగానికి తగ్గడానికి దాదాపు 5 గంటలు పడుతుంది కాబట్టి, స్కూప్ వేసేసరికే పాతది 110 దాకా మిగిలి ఉంటుంది. మొత్తం 360తో బరువులు ఎత్తుతున్నారన్నమాట. రాత్రి 11కి కూడా రెండు కాఫీలకు కాస్త తక్కువ లోపలే ఉంటుంది. నిద్ర పట్టదు, పొద్దున్నే ఇంకో కాఫీ కావాలి, లెక్క మళ్లీ మొదలు.

వ్యాయామంతో గుండె ఎలాగూ వేగంగా కొట్టుకుంటుంది. కెఫీన్ అడ్రినలిన్‌ని, బీపీని పైకి నెడుతుంది. అందుకే సెట్ అయ్యాక కూర్చున్నా దడ తగ్గకపోవడం, మధ్యలో ఒక దెబ్బ తప్పినట్టు అనిపించడం మొదలవుతాయి. అది కండరాలు ఉబ్బే పంప్ కాదు. ఆ రోజుకి వ్యాయామం ఆపేయండి.

ఇక మిగతావి.

కెఫీన్ మాత్ర, స్కూప్ ఒకే రోజు వద్దు.

‘ఇంకా ఎక్కలేదు’ అని పావుగంటకే రెండోది వేయకండి. పూర్తిగా ఎక్కడానికి 30 నుంచి 60 నిమిషాలు పడుతుంది. రెండూ కలిసి ఒకేసారి ఎక్కుతాయి.

పొడిని నీళ్లు లేకుండా నోట్లో వేసుకోకండి.

లేబుల్ మీద మిల్లీగ్రాములు రాయని డబ్బా కొనకండి. ‘సీక్రెట్ బ్లెండ్’ అన్నా అంతే.

యోహింబిన్, సినెఫ్రిన్ పేర్లు కనిపిస్తే పక్కన పెట్టండి. అవీ గుండెని తరిమేవే.

సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కోర్సులో ఉంటే స్కూప్ మానేయండి. ఆ మందు వల్ల కెఫీన్ తొందరగా దిగదు. గర్భనిరోధక మాత్రలతోనూ అదే సంగతి.

బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, ఇంటర్ పిల్లలు ముట్టుకోవద్దు.

స్కూప్ వేసే రోజు సాయంత్రం కాఫీ లేదు. తాగేశారా? అయితే ఆ రోజు స్కూప్ లేదు.

ఛాతీలో నొప్పి, ఆగని వాంతులు, స్పృహ తప్పడం, ఫిట్స్ వస్తే 108కి ఫోన్ చేయండి. డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి, డాక్టరుకి ముందు కావాల్సింది అదే.