రియాక్టర్‌లోకి మనిషి దిగే పనిని పీడీసీఏ పద్ధతిలో ఎలా నడపాలి? ఆడిటర్‌కు ఏం చూపించాలి?

సేఫ్టీ ఆడిట్ తేదీ ఖరారు కాగానే చాలా ఫ్యాక్టరీల్లో ఫైళ్లు సర్దడం మొదలవుతుంది. కానీ అనుభవమున్న ఆడిటర్ ఆ ఫైళ్లన్నీ తిరగేయరు. ప్రమాదం ఎక్కువగా ఉన్న పని ఒకటి ఎంచుకుంటారు. దానికి సంబంధించిన ఒక పాత పర్మిట్ తీసుకుని, అక్కడి నుంచి వెనక్కీ ముందుకీ వెళ్తారు. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, ఆ ఒక్క కాగితంతోనే వ్యవస్థ మొత్తం బయటపడుతుంది. అందుకే మీరు కూడా ఒకే పని తీసుకుని మొదటి నుంచి చివరి దాకా సరిచూసుకోండి.

పనిచోట భద్రత, ఆరోగ్యం కోసం 2018లో వచ్చిన ఐఎస్‌ఓ 45001 ప్రమాణం ప్లాన్, డూ, చెక్, యాక్ట్ అనే ఈ పీడీసీఏ చక్రం మీదే నడుస్తుంది. ప్లాన్ 6వ క్లాజులో, డూ 7, 8 క్లాజుల్లో, చెక్ 9లో, యాక్ట్ 10లో ఉంటాయి. ఉదాహరణకు ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌ను ఊహించుకుందాం. అక్కడ టోలుయిన్ అనే సాల్వెంట్ వాడిన రియాక్టర్లను కడగడానికి నెలకు మొత్తం ఎనిమిదిసార్లు మనిషి మ్యాన్‌హోల్ గుండా లోపలికి దిగుతున్నాడు.

1. ప్లాన్: ముందు దిగే అవసరాన్నే తగ్గించండి

ప్రమాదాల జాబితాను ఆఫీసులో కూర్చుని రాయకండి. రియాక్టర్ దగ్గర, అందులోకి దిగే కార్మికులతో, కాంట్రాక్ట్ వాళ్లతో సహా కూర్చుని రాయండి. ఇక్కడ పెద్ద ప్రమాదం, మంట అంటుకోకుండా రియాక్టర్‌లో నింపే నైట్రోజన్. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ బాగా తగ్గిపోయిన చోట మనిషికి ఊపిరాడనట్టు కూడా అనిపించదు, కొన్ని క్షణాల్లోనే స్పృహ తప్పుతుంది. పడిపోయినవాణ్ని కాపాడాలని పరుగున దిగిన తోటివాడు కూడా అలాగే పోతాడు.

తరువాత నియంత్రణలు. మాస్కు, బెల్టు చివరి మెట్టు. మొదటి ప్రశ్న, అసలు దిగకుండా పని అవుతుందా? రియాక్టర్ లోపల నలువైపులా చిమ్మే స్ప్రే బాల్ అమర్చి సాల్వెంట్‌తో కడిగితే చాలా బ్యాచ్‌లకు మనిషి అక్కర్లేదు. మన యూనిట్ పెట్టుకున్న లక్ష్యం ఇదీ: ఆరు నెలల్లో ఎనిమిది ఎంట్రీలను రెండుకు తేవడం, ఆ రెండింటికీ నైట్రోజన్ లైన్‌కు తప్పకుండా బ్లైండ్ అనే అడ్డు పలక వేయడం. వాల్వ్ మూస్తే సరిపోతుందనుకోకండి, వాల్వ్ లీకవుతుంది.

హద్దులు రాసుకునేటప్పుడు ఒక తప్పు తరచూ జరుగుతుంది. మండే గ్యాస్ ఎల్‌ఈఎల్‌లో, అంటే గాలిలో మంట అంటుకోగల కనిష్ఠ మోతాదులో, 10 శాతం లోపు ఉంటే లోపలికి వెళ్లొచ్చని రాసేస్తారు. టోలుయిన్ ఎల్‌ఈఎల్ గాలిలో సుమారు 1.1 శాతం. అందులో పదో వంతు అంటే 1,100 పీపీఎం. ప్రాణానికే ముప్పుగా అమెరికా నియోష్ సంస్థ చెప్పే స్థాయి 500 పీపీఎం. అంటే మంట అంటుకోకపోవచ్చు గానీ మనిషి పడిపోవచ్చు. విష ప్రభావానికి వేరే హద్దు ఉండాలి, దాన్ని కొలిచే సెన్సర్ కూడా వేరే ఉండాలి.

ఈ దశలో ఆడిటర్ చూసేది: జాబితా తయారీలో కార్మికులు పాల్గొన్న ఆనవాలు, స్ప్రే బాల్ గురించి ఆలోచించినట్టు రాత, లక్ష్యానికి బాధ్యుడి పేరు, గడువు, బడ్జెట్.

2. డూ: కాగితం మీది మాట మ్యాన్‌హోల్ దగ్గర కనిపించాలి

గ్యాస్ డిటెక్టర్‌కు ఆ రోజు బంప్ టెస్ట్ చేశాకే, అంటే టెస్ట్ గ్యాస్ తగిలించి సెన్సర్ స్పందిస్తోందని చూశాకే వాడండి. ముందు ఆక్సిజన్ చూడండి, 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉండాలి. మండే గ్యాస్‌ను కొలిచే మామూలు సెన్సర్ పనిచేయడానికే ఆక్సిజన్ కావాలి. నైట్రోజన్ నిండిన రియాక్టర్‌లో అది సున్నా చూపిస్తే నమ్మకూడదు. పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా కొలవండి. భోజనానికి వెళ్లి వచ్చాక మళ్లీ కొలవండి. పరీక్ష చేసినవాడే సంతకం పెట్టాలి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ కూడా, తాను స్వయంగా చేసిన పరీక్ష ఆధారంగానే అర్హుడైన వ్యక్తి సర్టిఫికెట్ ఇవ్వాలని చెప్పింది.

ఆడిటర్ ఇక్కడ మూడింటిని పక్కపక్కన పెడతారు: రాసినది, కంటికి కనిపించేది, మనుషులు చెప్పేది. మ్యాన్‌హోల్ బయట కాపలాగా, అంటే హోల్ వాచ్‌గా, నిలబడ్డ కాంట్రాక్ట్ కార్మికుడి దగ్గరకు వెళ్లి, "అన్నా, లోపలున్నాయన పలకకపోతే మీరేం చేస్తారు?" అని అడుగుతారు. "నేను దిగను సార్. అలారం కొట్టి, ట్రైపాడ్ వించ్‌తో పైకి లాగుతాను" అంటే శిక్షణ నిజమే. "వెంటనే దిగి పట్టుకొస్తాను" అంటే, హాజరు పట్టీలో ఎన్ని సంతకాలున్నా ఆ శిక్షణ జరగనట్టే.

ఇంకో సంగతి. ముప్పై పర్మిట్లలోనూ ఆక్సిజన్ 20.9 అనీ, ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఉంటే ఆడిటర్‌కు అనుమానం వస్తుంది. ఆ పర్మిట్ సమయాన్ని డిటెక్టర్‌లో నమోదైన డేటాతో, గేటు ఎంట్రీతో పోల్చి చూస్తారు.

3. చెక్: ప్రమాదం జరగలేదంటే చాలదు

నెలలో ప్రమాదాలు సున్నా అన్న సంఖ్య ఈ పని గురించి దాదాపు ఏమీ చెప్పదు. ప్రతి నెలా ఇటీవలి పది పర్మిట్లు తీసి చదవండి, కనీసం రెండు ఎంట్రీల దగ్గర స్వయంగా నిలబడండి. మన యూనిట్‌లో అలా చూస్తే పదింటిలో నాలుగింటికి భోజనం తరువాతి రీటెస్ట్ గడి ఖాళీగా ఉంది. ఈ లోపం ఇంటర్నల్ ఆడిట్‌లో మీకే దొరికిందంటే అది సిగ్గుపడాల్సిన విషయం కాదు, మంచి సాక్ష్యం. ఏ లోపమూ కనబడని ఇంటర్నల్ ఆడిట్ రిపోర్టే బయటి ఆడిటర్‌ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

4. యాక్ట్: ఎక్కువమంది తడబడేది ఇక్కడే

ఖాళీ గడి కనబడగానే చాలామంది రాసేది ఒకే వాక్యం: "ఆపరేటర్‌కు మళ్లీ శిక్షణ ఇచ్చాం, క్లోజ్డ్." దీన్ని ఆడిటర్ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ఎందుకు ఖాళీగా ఉందో అడుగుతూ పోండి. రీటెస్ట్ చేయలేదు. ఎందుకు? డిటెక్టర్ అందుబాటులో లేదు. ఎందుకు? రెండు బ్లాకులకూ ఒక్కటే ఉంది, మధ్యాహ్నం రెండో బ్లాకుకు వెళ్తోంది. ఎందుకు? ఎంట్రీలు ఒక బ్లాకులోనే ఉన్నప్పుడు కొన్నది, రెండో బ్లాకు మొదలైనప్పుడు రిస్క్ అసెస్‌మెంట్‌ను ఎవరూ తిరగరాయలేదు.

ఇప్పుడు చేయాల్సినవి తేలిపోయాయి. ఈ రోజుకు రీటెస్ట్ లేకుండా ఎంట్రీ ఆపేయాలి, ఇది తాత్కాలిక దిద్దుబాటు. రెండో డిటెక్టర్ కొనాలి, కొత్త బ్లాకు లేదా కొత్త ప్రొడక్ట్ మొదలైతే రిస్క్ అసెస్‌మెంట్ తిరగరాయడాన్ని మార్పుల ఆమోద ఫారంలో తప్పనిసరి చేయాలి, ఇది మూలకారణం మీద చర్య. మూడు నెలల తరువాత మళ్లీ పది పర్మిట్లు తీసి చూడాలి. పదికి పదీ నిండి ఉండి, సమయాలు డిటెక్టర్ డేటాతో కలిస్తేనే క్లోజ్ చేయండి. డిటెక్టర్ వచ్చిన రోజునే క్లోజ్ చేస్తే వస్తువు వచ్చినట్టు తెలుస్తుంది గానీ, పద్ధతి మారినట్టు తెలియదు.

మేనేజ్‌మెంట్ రివ్యూ మినిట్స్‌లో కూడా ఈ తీగ కనబడాలి. "సేఫ్టీ పనితీరుపై చర్చించారు" అన్న లైను ఎందుకూ పనికిరాదు. నాలుగు రీటెస్టులు తప్పాయని చెప్పినట్టు, డిటెక్టర్‌కు ప్లాంట్ హెడ్ డబ్బు మంజూరు చేసినట్టు, నెలకు ఎంట్రీలు ఎనిమిది నుంచి ఎన్నికి తగ్గాయో, తగ్గకపోతే స్ప్రే బాల్ ఏ రియాక్టర్‌లో ఎందుకు ఆగిపోయిందో తేదీతో సహా ఉండాలి. ఆ ఆగిపోయిన రియాక్టర్ నంబరే వచ్చే ఏడాది ప్లాన్‌లో మొదటి పంక్తి.