సరుకు ఎవరి సరుకు? పెద్ద ఒప్పందాన్ని తెలుగులోకి మార్చేటప్పుడు పదాలు తప్పిపోతే ఏం చేయాలి

కిందటేడు విశాఖ ద్వారకానగర్‌లోని మా చిన్న అనువాదాల ఆఫీసుకు 58 పేజీల ఇంగ్లిషు ఒప్పందం ఒకటి వచ్చింది. ఒకవైపు రొయ్యలు శుద్ధి చేసి ఎగుమతి చేసే కంపెనీ, మరోవైపు భీమిలి వైపు చెరువుల రైతులు. సంతకాలు ఇంగ్లిషు ప్రతి మీదే. తెలుగు ప్రతి రైతులు చదువుకోవడానికి. ఇద్దరం పంచుకుని తొమ్మిది రోజుల్లో పూర్తిచేశాం, ఇచ్చేశాం. తర్వాత ఒక రైతు ఫోన్ చేసి, "అదేటి బాబూ, కంటైనర్ అక్కడ్నించి తిరిగొచ్చీసినా డబ్బులు మేమే కట్టాలా?" అన్నాడు.

ఇంగ్లిషులో అలా లేదు. మా తెలుగులో మాత్రం ఉంది. ఆ తప్పు ఎక్కడ పుట్టిందో వెతుకుతూ నేర్చుకున్నవే ఇవి.

సమస్య: రెండు వేర్వేరు క్లాజులు చదివితే ఒకదానికొకటి పొసగవు

మా ప్రతిలో 7.4, 11.2 క్లాజులు రెండూ "సరుకు తిరస్కరణకు గురైతే" అనే మొదలయ్యాయి. మొదటిదాంట్లో నష్టం రైతుది, రెండోదాంట్లో కంపెనీది. చదివినవాడికి 7.4 ముందు కనబడింది, భయపడ్డాడు.

కారణం: ఇంగ్లిషులో అవి రెండు పదాలు. చెరువులో పట్టి ఫ్యాక్టరీ గేటు దాకా తెచ్చినది "రా మెటీరియల్". తల తీసి, గడ్డకట్టించి, అట్టపెట్టెల్లో పెట్టినది "ప్రొడక్ట్". 7.4 గేటు దగ్గర తిప్పిపంపడం గురించి, 11.2 విదేశీ రేవులో తిప్పిపంపడం గురించి. మన దగ్గర రైతుకూ సరుకే, కంపెనీకీ సరుకే, లారీవాడికీ సరుకే. నేను ఒక చోట సరుకు అన్నాను, నా తోటి అనువాదకుడు మరో చోట సరుకు అన్నాడు. విడివిడిగా చూస్తే ఇద్దరిదీ తప్పు కాదు.

అందరూ భయపడేది ఒక ఇంగ్లిషు పదానికి మూడు తెలుగు మాటలు పడతాయేమోనని. అది కంటికి కనబడే తప్పు, చదివేవాడు ఆగి అడుగుతాడు. రెండు ఇంగ్లిషు పదాలకు ఒకే తెలుగు మాట పడితే వాక్యం హాయిగా సాగిపోతుంది, ఎవరికీ అనుమానం రాదు. నన్నడిగితే ప్రమాదం ఇక్కడే ఎక్కువ.

పరిష్కారం: మొదటి పేజీ ముట్టుకోకముందే పదపట్టిక. దాన్ని ఇంగ్లిషు వైపు నుంచి కట్టి, తెలుగు వైపు నుంచి సరిచూడాలి.

కట్టడానికి నిర్వచనాల క్లాజు ఒక్కటే చూస్తే చాలదు. మా ఒప్పందంలో ఒకటో క్లాజులో 31 పదాలు ఉంటే, మరో 12 పదాలు లోపలి క్లాజుల్లో బ్రాకెట్లలోనూ, వెనక షెడ్యూళ్లలోనూ నిర్వచించి ఉన్నాయి. డిపాజిట్టు అలా ఆరో క్లాజు మధ్యలో దొరికింది. వర్డ్‌లో Use wildcards టిక్ పెట్టి ఇలా వెతికితే కొటేషన్లలో పెద్దక్షరంతో మొదలయ్యేవన్నీ వరసగా దొరుకుతాయి:

```
“[A-Z]*”
```

దొరికినవాటిని ఎక్సెల్‌లో పెట్టండి. A వరసలో ఇంగ్లిషు పదం, Bలో అది నిర్వచించిన క్లాజు నంబరు, Cలో తెలుగు, Dలో వాడకూడని మాటలు. ఈ నాలుగోదాన్ని చాలామంది వదిలేస్తారు. నాకు మిగతా మూడింటికన్నా అదే ఎక్కువ పనికొచ్చింది. మా సవరించిన పట్టికలో రా మెటీరియల్ వరస ఇలా ఉంది: తెలుగు "చెరువు రొయ్యలు", వాడకూడనివి "సరుకు, ముడిసరుకు, పంట, పట్టుబడి". ప్రొడక్ట్‌కు "ఎగుమతి సరుకు". వాడకూడనివి "సరుకు" అని విడిగా, "ఉత్పత్తి", "మాల్".

"ముడిసరుకు" మంచి మాటే కదా, ఎందుకు వద్దన్నానంటే, రెండు పదాలకూ సరుకు తోకే ఉంటే రెండోసారి వచ్చేసరికి చెయ్యి దానంతటదే "ఈ సరుకు" అని కుదించేస్తుంది. తోకలు వేరైతే ఆ జారుడు ఉండదు.

ఇప్పుడు తెలుగు వైపు నుంచి సరిచూడటం. ఖాళీగా ఉన్న E వరసలో ఈ సూత్రం పెట్టి కిందికి లాగండి:

```
=COUNTIF(C:C,"*"&C2&"*")
```

1 వస్తే ఆ తెలుగు మాట మరే పదంలోనూ లేదు. 2, 3 వస్తే అది ఇంకో పదానికీ వాడేశారు, లేదా ఇంకో పదం కడుపులో ఉంది. మొదటి ప్రతిలో వాడిన మాటలతో పట్టిక కట్టి చూస్తే "గడువు" దగ్గర 4 వచ్చింది. ఒప్పందం అమల్లో ఉండే మొత్తం కాలం, నోటీసు ఇచ్చాక ఆగాల్సిన 60 రోజులు, తప్పు సరిదిద్దుకోవడానికి ఇచ్చే 30 రోజులు, డబ్బు చెల్లించాల్సిన ఆఖరి రోజు - నాలుగూ మా ప్రతిలో గడువులే. వాటిని "ఒప్పంద కాలం", "నోటీసు గడువు", "సవరణ గడువు", "చెల్లింపు తేదీ" అని విడగొట్టాం. "నష్టం" కూడా అలాగే. పాడైన రొయ్యల నష్టం వేరు, కోర్టు ఖర్చులు కలుపుకుని నిర్వచించిన నష్టాలు వేరు, మాట తప్పితే ఇంత అని ముందే రాసుకున్న మొత్తం వేరు. ఆఖరుదానికి 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 74వ సెక్షన్ అని ప్రత్యేకంగా ఉంది. దాన్ని "ముందుగా నిర్ణయించిన పరిహారం" అన్నాం. పొడుగే, కానీ మరోదానితో కలిసిపోదు.

పట్టికను కంపెనీ లాయరుకూ, చదవబోయే రైతుల్లో ఒకరికీ చూపించాకే అనువాదం మొదలుపెట్టాలి. "చెరువు రొయ్యలు" అన్న మాట చెప్పింది రైతే. నేను అప్పటికి "సేకరించిన రొయ్యలు" అని రాసుకున్నాను.

సమస్య: నిర్వచించిన పదమో, మామూలు మాటో తెలియడం లేదు

ఇంగ్లిషులో పెద్దక్షరం చూస్తే అది నిర్వచనం ఉన్న పదమని తెలుస్తుంది. మన లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం లేవు. లావు అక్షరాల్లో పెడితే డీటీపీ సెంటరులో ఫాంటు మార్చేటప్పుడు పోతుంది. ప్రతిచోటా కొటేషన్లు పెడితే పేజీ నిండా ముళ్లే.

నేను చేసేది ఇది: నిర్వచించిన పదానికి ఒక మాట కేటాయించాక, చిన్నక్షరంతో వచ్చే అదే ఇంగ్లిషు మాటకు వేరే తెలుగు వాడతాను. నిర్వచనం ఉన్నచోట "నోటీసు", ఊరికే తెలియజేయడమైతే "సమాచారం ఇవ్వడం". ఆ రెండోదీ పట్టికలోకి ఎక్కాలి, లేకపోతే 40వ పేజీలో మర్చిపోతాం.

సమస్య: పదం ఉంది, వెతికితే దొరకదు

కారణం విభక్తులు. "ఒప్పంద కాలం" అని వెతికితే "ఒప్పంద కాలానికి", "ఒప్పంద కాలపు" దొరకవు. పట్టికలో వెతుకుడు రూపం అని ఇంకో వరస పెట్టి, మారే అక్షరానికి ముందే కోసేయండి: "ఒప్పంద కా", "చెరువు రొయ్య", "సవరణ గడు". నిర్వచిత పదాలు రెండు మాటల్లో ఉంటే మొదటి మాట మారదు కాబట్టి ఈ పని తేలిక.

హల్లుతో ముగిసే అరువు మాటలది ఇంకో తంటా. "డిపాజిట్‌ను" అని కొట్టేటప్పుడు ట్, ను అతుక్కోకుండా కంటికి కనబడని ఒక గుర్తు మధ్యలో పడుతుంది. ఒకరు ఆ గుర్తు పెడతారు, ఒకరు పెట్టరు, ఒకరు ఖాళీ వదిలి "డిపాజిట్ ను" అంటారు. చదివేవాడికి మూడూ ఒకే మాట అయినా, వెతికితే మూడూ వేరు. పాత దస్తావేజుల పద్ధతిలో చివర అచ్చు పెట్టేయండి: డిపాజిట్టు, నోటీసు, ఇన్వాయిసు. డిపాజిట్టును, డిపాజిట్టుకు, డిపాజిట్టులో, ఎక్కడా ఆ గుర్తు అవసరం రాదు. పాతకాలపు వాసన వేస్తుందని మా కుర్రాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇదయ్యాక లెక్క సరిచూడొచ్చు. ఒక్కో క్లాజు తీసుకుని, Match case పెట్టి ఇంగ్లిషులో ఆ పదం ఎన్నిసార్లుందో చూడండి, తెలుగులో వెతుకుడు రూపం ఎన్నిసార్లుందో చూడండి. 11వ క్లాజులో ప్రొడక్ట్ 14 సార్లుంటే మాకు "ఎగుమతి సరుకు" 11 దగ్గర ఆగింది. పోయిన మూడింట్లో రెండుచోట్ల "అది" అని రాశాం, ఒకచోట "రొయ్యలు" అన్నాం. పునరుక్తి దోషమని బళ్లో చెప్పించుకున్నవాళ్లం, ఒకే వాక్యంలో ఒకే మాట రెండుసార్లు రాయడానికి చెయ్యి రాదు. ఒప్పందంలో రాయాలి. ఈ లెక్కంతా యూనికోడ్‌లో ఉండగానే పూర్తిచేయండి, పాత అను ఫాంటులోకి మార్చాక ఈ వెతుకులాట పనిచేయదు.

సమస్య: సగంలో పదం మార్చమన్నారు, రీప్లేస్ ఆల్ కొడితే వాక్యాలు విరిగాయి

"సవరణ గడువు" బదులు "సవరణ కాలం" అనమన్నారనుకోండి. మొత్తం ఒకేసారి మారిస్తే "సవరణ గడువుకు" కాస్తా "సవరణ కాలంకు" అవుతుంది. కావలసింది "కాలానికి". ఒక్కొక్కటీ చూసి మార్చడమే, దగ్గరదారి లేదు. పట్టిక మీద మార్చిన తేదీ వేసి, పాత మాటను D వరసలోకి నెట్టండి.

సమస్య: పట్టికకు కట్టుబడినా అర్థం కుదరడం లేదు

అప్పుడు తప్పు ఇంగ్లిషులో ఉందేమో చూడాలి. మా ఒప్పందంలో "కౌంట్" అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య అని ఒకటో క్లాజులో నిర్వచించారు. చెరువు గట్టు మీద లెక్క అదే. ఎగుమతి ధరలున్న మూడో షెడ్యూలులో మాత్రం తల తీసిన రొయ్యలకు 16/20, 21/25 అని ఉంది. ఆ వ్యాపారంలో ఇవి పౌనుకు లెక్క. పదం మాత్రం పెద్దక్షరంతో అదే కౌంట్. నిర్వచనం ప్రకారం చదివితే కిలోకు 16 రొయ్యలైపోతాయి.

ఇలాంటిదాన్ని అనువాదకుడు గుట్టుగా సర్దేయకూడదు. ఉన్నది ఉన్నట్టు "కౌంట్" అనే రాసి, క్లాజు నంబర్లతో ప్రశ్న పంపాను. లాయరు నాలుగో రోజు ఫోన్ చేసి, ఇంగ్లిషు ప్రతిలోనే మూడో షెడ్యూలుకు విడిగా ఒక నిర్వచనం చేర్చామనీ, తెలుగులో దానికో పేరు చెప్పమనీ అడిగారు. పట్టికలో 44వ వరస అదే: "పౌను కౌంటు".