x(6 − 2t) గీయడంలో నేను చేసిన తప్పు

ఇంజినీరింగ్ రెండో ఏడాది సిగ్నల్స్ పరీక్షలో x(6 − 2t) గీయమన్నారు. x(t) ఒక ర్యాంప్: t = 0 దగ్గర సున్నాతో మొదలై t = 4 దగ్గర 4 ఎత్తుకు చేరి, అక్కడితో ముగుస్తుంది, ఆ తర్వాత సున్నాయే.

నేను ముందు 2తో కుదించాను, సిగ్నల్ 0 నుంచి 2 వరకు వచ్చింది. తిప్పేస్తే −2 నుంచి 0. ఇక +6 ఉంది కదా అని 6 ఎడమకు జరిపాను. జవాబు −8 నుంచి −6. మార్కులు సున్నా.

ఇంటికొచ్చి t = 2 పెట్టి చూశాను. 6 − 4 = 2, x(2) విలువ 2. అంటే t = 2 దగ్గర సిగ్నల్ ఉండాలి, నా బొమ్మలో అక్కడ ఏమీ లేదు!

తప్పు ఎక్కడంటే, ప్రతి మార్పూ t ఒక్కదానికే వర్తిస్తుంది. x(−2t)లో t బదులు t + 6 పెడితే వచ్చేది x(−2t − 12). మనకు కావలసింది అది కాదు. 6 − 2t = −2(t − 3) కాబట్టి చివర్లో జరపాలంటే కుడికి 3 జరపాలి. అప్పుడు 1 నుంచి 3 వస్తుంది.

నాకు మాత్రం ముందే జరపడం తేలిక. x(t + 6) అంటే −6 నుంచి −2, కుదిస్తే −3 నుంచి −1, తిప్పితే 1 నుంచి 3. ఎత్తు t = 1 దగ్గర 4, అక్కడి నుంచి దిగుతూ t = 3 దగ్గర సున్నా.

ఇప్పుడు గీయకముందే 6 − 2t = 0, 6 − 2t = 4 రెండూ సాధించి అంచులు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటాను.