నోట్‌ప్యాడ్‌లో బయటపడిన రెజ్యూమె లోపం

గుంటూరులో బీటెక్ ముగించిన మా తమ్ముడి రెజ్యూమె చూడటానికి ముచ్చటగా ఉండేది: రెండు నిలువు వరుసలు, పక్కన రంగు పట్టీ, నైపుణ్యాలకు నక్షత్రాల గుర్తులు. ఆ పీడీఎఫ్‌లోని అక్షరాలన్నీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూశాను. కళాశాల పేరు మధ్యలోకి ‘జావా’ వచ్చి పడింది. ఫోను నంబరు బొమ్మలో భాగం కావడంతో అసలు రానేలేదు. చాలా కంపెనీల్లో దరఖాస్తులను ముందుగా చదివే సాఫ్ట్‌వేర్‌కూ అది అలాగే అందే ప్రమాదం ఉంది.

వర్డ్‌లో పట్టికలు లేకుండా ఒకే వరుసగా మళ్లీ టైపు చేయించాను. ఫోను, ఈమెయిలు పేరు కిందికి వచ్చాయి. జావా పక్కన నాలుగు నక్షత్రాలు పెడితే ఎవరికీ ఏమీ తెలియదు. వాటి బదులు ‘గ్రంథాలయ పుస్తకాల నమోదుకు జావాలో ప్రోగ్రాం, డేటాబేస్ భాగం నేను రాశాను’ అని చేర్చాం. మళ్లీ అతికిస్తే అంతా వరుసగా వచ్చింది.

స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో సాధారణంగా అక్షరాలను ఎంచుకోవడమే కుదరదు. అలాంటిది పంపకండి.