అర్జీ రాద్దాం - 6వ పాఠం: బర్త్ సర్టిఫికెట్‌లో అక్షరం తప్పు

‘అర్జీ అర పేజీ దాటకూడదు’ అని పోయిన పాఠంలో చెప్పినందుకు నన్ను నేనే తిట్టుకోవాలి. మీరు పంపిన అభ్యాసాల్లో సగానికి పైగా మూడేసి వాక్యాలే. ‘మా పాప బర్త్ సర్టిఫికెట్‌లో పేరు తప్పు పడింది. దయచేసి మార్చగలరు. ఇట్లు మీ విధేయురాలు.’ ఎవరి పేరు, పాపదా, తల్లిదా? తెలుగులోనా, ఇంగ్లిషులోనా? ఏ అక్షరం? ఉత్తరం పొట్టిగా ఉంది, అడగవలసింది మాత్రం అందులో లేదు.

ఒకావిడ అయితే అభ్యాసంతో ఆగలేదు, నిజంగానే పట్టుకెళ్లి ఇచ్చారు. ఆవిడ ఉండేది హైదరాబాద్‌లో. తొలి కాన్పు కాబట్టి పురుడు పుట్టింట్లో, కోస్తాలోని ఒక పట్టణంలో జరిగింది. పాప సర్టిఫికెట్‌లో తల్లి పేరు తెలుగులో ‘శైలజ’ అని సరిగ్గానే ఉంది. ఇంగ్లిషులో మాత్రం SHAILAJA అని పడింది. ఆవిడ ఆధార్, పదో తరగతి మెమో అన్నిట్లో SAILAJA. మొదటిసారి హైదరాబాద్‌లోనే ఇవ్వబోతే తీసుకోలేదు. పుట్టిన ఊరి రిజిస్ట్రారే సరిచేయాలి, ఇప్పుడు ఎక్కడ కాపురమున్నా సరే. పల్లెల్లో అయితే సాధారణంగా పంచాయతీ కార్యదర్శే రిజిస్ట్రారు. ఇది చెప్పనక్కర్లేదనుకుని వదిలేశాను.

రెండోసారి బస్సెక్కి పుట్టింటికి వెళ్లారు. అక్కడి క్లర్క్ ఉత్తరం పై వరుస చూసి ‘పేరు మార్పా? గెజిట్ కాపీ తెచ్చారా?’ అన్నారట. ఎందుకంటే ఆవిడ విషయం దగ్గర ‘పేరు మార్పు గురించి’ అని రాశారు.

ఈ ‘మార్పు’ అనే మాటతోనే నాకు తగువు. పేరు మార్చుకోవడమంటే నిన్నటిదాకా ఒక పేరు, నేటి నుంచి మరొకటి. ఆమె పేరు ఏనాడూ మారలేదు. రాసేటప్పుడు పొరపాటు పడింది, దాన్ని దిద్దమంటున్నారు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో 15వ సెక్షన్ ఉన్నది ఇందుకే. నమోదు తప్పని రిజిస్ట్రారుకు రుజువైతే అసలు రాతను చెరపకుండా, పక్కన మార్జిన్‌లో సవరణ రాసి, సంతకం చేసి తేదీ వేస్తారు. కాబట్టి మీ ఉత్తరంలో ‘మార్చండి’, ‘మార్పు’, ‘కొత్త పేరు’, ‘ఇకపై’ అన్న మాటలు కనిపించకూడదు. ‘అక్షర దోషం’, ‘సవరణ’, ‘సరిచేయగలరు’ చాలు. ‘పేరు మార్పిడి సవరణ’ అని రెండూ కలిపి రాసినవాళ్లు కూడా ఉన్నారు. ‘కరెక్షన్ చేంజ్’ అని రాసినాయన ఉన్నారు. ఇంకొకరు విషయం దగ్గర సవరణ అని సరిగ్గా రాసి, చివరి వాక్యంలో ‘పేరు మార్చి ఇప్పించగలరు’ అని ముగించారు. చదివే మనిషి చివరి వాక్యాన్నే పట్టుకుంటాడు.

ఇదే వరుసలో ఇంకొకటి. ‘శై’కి ఎస్ హెచ్ అక్కర్లేదు, ఎస్ చాలు అని ఉచ్చారణ మీద పేరాలకు పేరాలు రాశారు కొందరు. అనవసరం. శైలజను రెండు విధాలుగానూ రాసేవాళ్లున్నారు. లక్ష్మికి కె ఎస్ హెచ్ రాసేవాళ్లు, ఎక్స్ రాసేవాళ్లు ఇద్దరూ లేరూ? మన స్పెల్లింగే అందమైనదని రిజిస్ట్రారును ఒప్పించాల్సిన పని లేదు. ఈమె పాత పత్రాల్లో ఏముందో చూపిస్తే సరిపోతుంది. పాప పుట్టకముందు నాటి పత్రం అయితే మరీ మంచిది. అందుకే నేను ఆధార్ కంటే పదో తరగతి మెమోను ముందు పెడతాను.

ఉత్తరం మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి: తప్పు ఎక్కడ పుట్టింది? ఆసుపత్రి వాళ్లు జనన వివరాలు ఫారం 1లో నింపి పంపుతారు. దాన్నిబట్టి రిజిస్టరులో నమోదవుతుంది. మన చేతికొచ్చే సర్టిఫికెట్ ఆ నమోదుకు నకలు. రిజిస్టరులో సరిగ్గా ఉండి సర్టిఫికెట్‌లోనే తప్పుంటే సవరణతో పనే లేదు, ‘రిజిస్టరు ప్రకారం సర్టిఫికెట్ మళ్లీ ఇవ్వండి’ అంటే సరి. రిజిస్టరులోనే తప్పుంటే సవరణ అడగాలి. ఆసుపత్రి ఫారంలోనే తప్పుంటే, ‘మా పొరపాటు’ అని ఆసుపత్రి నుంచి ఒక లేఖ తెచ్చి జత చేస్తే పని తేలికవుతుంది. శైలజ గారి విషయంలో ఫారంలో ఎస్ హెచ్ లేదు. రిజిస్టరులో ఎక్కించేటప్పుడు వచ్చి చేరింది.

ఆవిడ మూడోసారి ఇచ్చిన ఉత్తరం ఇది. ఇంటిపేరు, నంబర్లు తీసేశాను.

> జనన మరణాల రిజిస్ట్రారు గారికి,
> (పురపాలక సంఘం పేరు, ఊరు)
>
> విషయం: జనన నమోదులో తల్లి పేరు ఇంగ్లిషు స్పెల్లింగ్‌లో అక్షర దోష సవరణ కోరుతూ.
> సూచిక: రిజిస్ట్రేషన్ నం. ......, నమోదు తేదీ ......
>
> అయ్యా,
>
> మా కుమార్తె ...... తేదీన మీ పరిధిలోని ...... ఆసుపత్రిలో పుట్టింది. పై నంబరుతో నమోదైంది. ఆ నమోదులో తల్లి పేరు తెలుగులో సరిగ్గానే ఉంది. ఇంగ్లిషులో ఒక అక్షరం అదనంగా పడింది.
>
> ఉన్నది: SHAILAJA
> ఉండవలసినది: SAILAJA
> (మొదటి ఎస్ తర్వాత హెచ్ తీసివేయాలి.)
>
> ఆసుపత్రి పంపిన ఫారం 1లో పేరు సరిగ్గానే ఉంది. మిగతా వివరాల్లో తప్పులేమీ లేవు. జనన మరణాల నమోదు చట్టం 1969, సెక్షన్ 15 ప్రకారం సవరించి, సవరించిన సర్టిఫికెట్ ఇప్పించగలరు.
>
> జత: 1. ప్రస్తుత సర్టిఫికెట్ 2. ఫారం 1 నకలు 3. తల్లి పదో తరగతి మెమో 4. తల్లి ఆధార్
>
> ఇట్లు,
> (సంతకం, చిరునామా, ఫోన్, తేదీ)

‘ఉన్నది, ఉండవలసినది’ అన్న రెండు వరుసలను పేరాలో కలిపేయకండి, విడిగానే రాయండి. ఎదుటి మనిషి కన్ను ముందు అక్కడికే వెళుతుంది. ‘మిగతా వివరాల్లో తప్పులేమీ లేవు’ అన్నది నా అలవాటు. అలా రాయాలంటే తండ్రి పేరు, పుట్టిన తేదీ, చిరునామా అన్నీ మనమే ఒకసారి సరిచూడక తప్పదు. ఒకసారి అక్షరం దిద్దించుకుని ఇంటికెళ్లాక తండ్రి ఇనీషియల్ కూడా తప్పని చూసుకున్నవాళ్లను ఎరుగుదును. పాస్‌పోర్ట్ అర్జెంటు, అమెరికా ప్రయాణం, అత్తగారి టెన్షన్ ఇవేవీ ఉత్తరంలోకి రానివ్వకండి.

మీసేవలో ఫారం నింపినా ఈ ఉత్తరాన్ని జత చేయండి. రెండు కాపీలు తీసుకెళ్లి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

ఒక్క అక్షరానికి ఇది సరిపోతుంది. పుట్టిన తేదీనో, పేరు మొత్తాన్నో సవరించాలంటే అది రాత పొరపాటు కింద పోదు. విషయం తెలిసిన ఇద్దరు నమ్మకస్తులు అసలు సంగతి ఇదీ అని రాసిచ్చిన వాంగ్మూలం కావాలి. దాని రాత వేరు, ఏడో పాఠంలో.

అభ్యాసం: మీ ఇంట్లో ఉన్న ఏదో ఒక సర్టిఫికెట్ తీసి, అందులో ఒక అక్షరం తప్పు పడిందనుకుని ‘ఉన్నది, ఉండవలసినది’ వరుసలు, బ్రాకెట్‌లోని వాక్యం రాయండి. ఆ బ్రాకెట్ వాక్యాన్నీ, తప్పు పేరునూ మాత్రమే ఫోన్లో ఎవరికైనా చదివి వినిపించండి. సరైన స్పెల్లింగ్ వాళ్లనే రాయమనండి. వాళ్లు రాసింది తప్పితే మీ వాక్యమే తిరగరాయాలి. ముగ్గురితో చేయించి, ఆ మూడు కాగితాల ఫొటోలు పంపండి.