నూనెలో దంచిన వెల్లుల్లి గట్టు మీదే ఉంటే బోటులిజం వస్తుందా?

సమస్య

మొన్న మా వదిన వాళ్ళింట్లో స్టవ్ పక్కన చిన్న గాజు సీసా కనిపించింది. పచ్చి వెల్లుల్లిని కచ్చాపచ్చాగా దంచి, మునిగేలా నూనె పోసి పెట్టింది. రోజూ పోపులోకి ఒక చెంచా, పిల్లల బ్రెడ్ మీదకి ఒక చెంచా.

"ఎన్ని రోజులైంది వదినా?" అంటే, "ఐదు రోజులు. వాసన చూడు, ఎంత బాగుందో" అంది.

వాసన నిజంగానే బాగుంది. పైన నూనె తేటగా ఉంది, అడుగున వెల్లుల్లి ముక్కలు తెల్లగా ఉన్నాయి. బూజు లేదు, పులుపు వాసనా లేదు. చిక్కంతా అక్కడే ఉంది. బోటులిజం అంటే నరాల్ని దెబ్బతీసి పక్షవాతం తెచ్చే విషాహార జబ్బు. ఆ విషం తయారైన సీసా కూడా చూడ్డానికి అచ్చం ఇలాగే ఉండొచ్చు. బుడగలు వచ్చినా, మూత ఉబ్బినా పారేయాల్సిందే. అవేవీ లేవు కదా అని బాగుందనుకోవడానికి మాత్రం లేదు. రుచి చూసి తేల్చుకుందాం అనుకోవద్దు, ఆ కొంచెం చాలు ప్రమాదానికి.

కారణం

క్లోస్ట్రిడియం బోటులినమ్ అనే బ్యాక్టీరియా మట్టిలో ఉంటుంది. వెల్లుల్లి మట్టిలో పెరిగేదే కాబట్టి, ఆ బ్యాక్టీరియా గట్టి బీజాలు, అంటే స్పోర్లు, రెబ్బలకి అంటుకుని ఇంటికి రావచ్చు. మామూలుగా వాటితో మనకి ఇబ్బంది లేదు. గాలి తగిలేచోట అవి మొలకెత్తవు.

నూనె పోయగానే ఆ గాలి అందకుండా పోతుంది. వెల్లుల్లిలో తడి ఉంది, పులుపు పెద్దగా లేదు. పులుపు పెరిగేకొద్దీ పీహెచ్ అనే కొలత తగ్గుతుంది. బ్యాక్టీరియాని ఆపేంత పులుపు ఉండాలంటే పీహెచ్ 4.6 లేదా అంతకంటే తక్కువ ఉండాలి, పచ్చి వెల్లుల్లిది దాదాపు 6. దీనికి వంటింటి వేడి తోడైతే స్పోర్లు మొలకెత్తి విషం తయారుచేస్తాయి. పెరిగేది నూనెలో కాదు, నూనె కప్పిన ఆ తడి ముక్కల్లో. అందుకే వట్టి నూనె డబ్బా నెలల తరబడి బయట ఉన్నా ఈ భయం ఉండదు.

ఇది లెక్కల్లో ఉన్న ముప్పే కాదు, నిజంగా జరిగింది. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్‌లో తిన్న 36 మందికి బోటులిజం వచ్చింది. కారణం, ఫ్రిజ్‌లో పెట్టకుండా వాడిన, నూనెలో తరిగిన వెల్లుల్లి. 1989లో న్యూయార్క్ రాష్ట్రంలో మరో ముగ్గురికి ఇలాగే వచ్చాక, అలాంటి సీసాల్లో ఆమ్లం కలపాల్సిందేనని అమెరికా ప్రభుత్వం కంపెనీలకి చెప్పింది. అంటే కొట్లో దొరికే సీసా బయట ఉందని ఇంట్లో చేసిందీ ఉండొచ్చు అనుకోకూడదు.

ఇంట్లో చేసిన ప్రతి సీసాలోనూ విషం ఉంటుందని కాదు. చాలాసార్లు ఏమీ కాదు. కానీ ఏ సీసాలో ఉందో తెలుసుకునే దారి మన దగ్గర లేదు.

పరిష్కారం

గంటల లెక్క తెలియకుండా బయట ఉండిపోయిన సీసాని అలాగే కవర్‌లో చుట్టి పారేయండి. ఇప్పుడు ఫ్రిజ్‌లో పెడితే అప్పటికే తయారైన విషం పోదు. "పోపులో వేస్తే కాగిపోతుందిగా" అని వదిన అడిగింది. ఆ విషం వేడికి నశించేదే, కానీ ముక్క లోపలిదాకా కొన్ని నిమిషాలు బాగా మరగాలి. పోపులో చెంచా తిప్పే క్షణాలు చాలవు. బ్రెడ్ మీద రాసుకుంటే అదీ లేదు. స్పోర్లైతే మరుగుతున్న నీళ్ళకి కూడా చావవు.

ఇకముందు ఆ పూటకి కావాల్సినంతే దంచుకోండి. ఎక్కువ దంచితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి. అంతకంటే ఎక్కువ కావాలంటే ఐస్ ట్రేలో చెంచా చొప్పున వేసి గడ్డకట్టించండి. పోపు బాగా కాగుతున్నప్పుడు ఒక ముక్క వేస్తే సరిపోతుంది. మేం అల్లం వెల్లుల్లి పేస్ట్‌కి కూడా ఇదే పద్ధతి పాటిస్తున్నాం.

పైన కాస్త నిమ్మరసం పిండి బయట పెట్టడం కుదరదు. ముక్క మధ్యకి పులుపు చేరిందో లేదో తెలియదు, నూనె పోశాక అసలు చేరదు. వెల్లుల్లి ఆవకాయ సంగతి వేరు. అందులో ఉప్పూ పులుపూ దండిగా ఉంటాయి, వాటివల్లే అది నిలవ ఉంటుంది. ఆరోగ్యం పేరుతో ఆ రెండూ తగ్గిస్తే మాత్రం అది కూడా ఫ్రిజ్‌లోకే వెళ్ళాలి.

ఇప్పటికే తినేసి ఉంటే

సాధారణంగా 12 నుంచి 36 గంటల్లో లక్షణాలు మొదలవుతాయి, కొందరిలో కొన్ని రోజులు పట్టొచ్చు. రెండుగా కనిపించడం, రెప్పలు వాలిపోవడం, మాట తడబడటం, నోరు ఎండిపోవడం, మింగలేకపోవడం. జ్వరం సాధారణంగా ఉండదు. వాంతులు లేవు కదా అని ఇంట్లో కూర్చోకండి. బలహీనత ముఖం నుంచి కిందికి దిగి, ఊపిరి తీసుకునే కండరాల దాకా వస్తుంది. వెంటనే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళి "నూనెలో నిలవ ఉంచిన వెల్లుల్లి తిన్నాం" అని ముందే చెప్పండి. దీనికి విరుగుడు మందు ఉంది, కానీ అది విషం ఇంకా ముదరకుండా ఆపుతుందే తప్ప వచ్చేసిన పక్షవాతాన్ని వెంటనే తీసేయదు. అందుకే ఎంత ముందు పడితే అంత మంచిది.

వదిన సీసా ఆ సాయంత్రమే చెత్తలోకి వెళ్ళింది. గాజు సీసా మంచిది, కడిగి పెట్టుకుంటానంది గానీ, దాన్ని కూడా మూత తీయకుండానే పారేయించాను.